ఇచ్చిన కరెంటు, తీసుకున్న కరెంటు: పర్లాకిమిడి మిల్లు ఫేజర్ల లెక్క

పర్లాకిమిడి దగ్గర ఒక ధాన్యం మిల్లును ఊహించుకుందాం. ఊరి మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అక్కడి నుంచి స్తంభాల మీదుగా దాదాపు అర కిలోమీటరు సన్నపాటి అల్యూమినియం తీగ వస్తుంది. దాని చివర 30 హార్స్‌పవర్ మోటారు, మోటారు పక్కన గోడకు బిగించిన కెపాసిటర్ పెట్టె. గజపతి జిల్లాలోనైనా, సరిహద్దు దాటి పాతపట్నం వైపు వచ్చినా ఇలాంటి మిల్లులు కనిపిస్తూనే ఉంటాయి.

ఈ మిల్లులో ఒక ఫేజు తీసుకుని, ఒక్కో వస్తువు దగ్గర వోల్టేజిని ఆర్‌ఎంఎస్ విలువల్లో కరెంటుతో గుణించి చూస్తే మోటారు దగ్గర 10,580 వోల్ట్-ఆంపియర్లు, కెపాసిటర్ దగ్గర 5,290, తీగ మీద 615 వస్తాయి. మూడూ కలిపితే 16,485. అదే సమయంలో ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తున్నది 9,112 మాత్రమే. అంటే ఇచ్చినదానికంటే 7 వేలకు పైగా ఎక్కువ వాడినట్టు లెక్క తేలుతోంది. మీటర్లలో దోషం లేదు, గుణకారాల్లోనూ దోషం లేదు. కలపకూడని వాటిని కలపడం వల్లే ఈ తేడా వచ్చింది. ఏవి కలుస్తాయి, ఎందుకు కలుస్తాయి, కలిసినప్పుడు ఆ లెక్క నిజంగా దేన్ని రుజువు చేస్తుంది అన్నది ఈ మిల్లు మీదే చూద్దాం. మూడో ప్రశ్న మీద ఎక్కువసేపు ఆగాలి. లెక్క సరిపోతే చాలు, జవాబు సరైనదేనని చాలామంది నమ్ముతారు, ఆ నమ్మకం సగమే నిజం.

ముందు కెపాసిటర్ స్విచ్ తీసేసి ఉందనుకుందాం. మూడు ఫేజులూ సమానంగా ఉన్నాయి కాబట్టి న్యూట్రల్‌లో కరెంటు ఉండదు, ఒక ఫేజుకు లెక్క చేస్తే చాలు. మోటారు ఒక ఫేజులో 4 ఓమ్‌ల నిరోధం, 3 ఓమ్‌ల రియాక్టెన్స్ ఉన్న వస్తువులా ప్రవర్తిస్తుంది. రియాక్టెన్స్ అంటే శక్తిని ఖర్చు చేయకుండా, కరెంటును వోల్టేజి కంటే వెనక్కో ముందుకో జరిపే అడ్డు. ఆ 4 ఓమ్‌లలో చుట్టలు వేడెక్కడానికి పోయింది ఎంత, వడ్లు ఆడించడానికి పోయింది ఎంత అని ఈ లెక్క అడగదు. తీగ వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే, పోయి తిరిగిరాని శక్తి. ఇక తీగకు నిరోధం 0.4 ఓమ్‌లు, రియాక్టెన్స్ 0.2 ఓమ్‌లు. ఒక్కో వోల్టేజినీ, కరెంటునూ పొడవు, కోణం ఉన్న బాణంలా రాస్తాం, దాన్నే ఫేజర్ అంటారు. j పక్కనున్న సంఖ్య ఆ బాణం నిలువు భాగం. మిల్లు దగ్గర వోల్టేజి 230, దాని కోణాన్నే సున్నాగా పెట్టుకుందాం. I తీగలో పారే కరెంటు, E ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి వోల్టేజి.

```
I  = 230 / (4 + j3)          = 36.8 − j27.6 A     |I| = 46 A
E  = 230 + I (0.4 + j0.2)    = 250.24 − j3.68 V   |E| = 250.27 V
```

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 250 వోల్టులు కావాలని తేలింది. పల్లెల్లో కనిపించే 11 కిలోవోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ల బిళ్ల మీద రెండో వైపు 433 వోల్టులు అని ఉంటుంది, దాన్ని ఫేజుకు మారిస్తే సరిగ్గా 250. మిల్లు వరకు వచ్చేసరికి 230కి దిగుతుందని తెలిసే ఆ 433 పెట్టారు. ఆ దిగుదలకు ట్రాన్స్‌ఫార్మర్‌లో పడే వోల్టేజి కూడా తోడవుతుంది. ఈ లెక్కలో మాత్రం ట్రాన్స్‌ఫార్మర్‌ను వదిలేసి, దాని బయటి కొసల నుంచే మొదలుపెడుతున్నాం.

ఇప్పుడు పవర్. వోల్టేజి ఫేజర్‌ను కరెంటు ఫేజర్‌తో నేరుగా గుణించకూడదు, కరెంటు సంయుగ్మంతో గుణించాలి. అంటే కరెంటులో j ముందున్న గుర్తును తిప్పి గుణించాలి. కారణం చిన్నదే. ఫేజర్లను గుణిస్తే కోణాలు కూడుతాయి. కానీ మోటారుకు అందే పవర్ వోల్టేజి, కరెంటుల కోణాల మొత్తం మీద ఆధారపడదు, వాటి మధ్య తేడా మీద ఆధారపడుతుంది. గుర్తు తిప్పి గుణించినప్పుడే ఆ తేడా వస్తుంది. అలా వచ్చిన సంఖ్యను కాంప్లెక్స్ పవర్ అంటాం. అందులో మామూలు భాగం వాట్లు, అంటే రియల్ పవర్. j ఉన్న భాగం వార్లు, అంటే రియాక్టివ్ పవర్. అయస్కాంత క్షేత్రంలోకి వెళ్లి, సైకిల్‌కు రెండుసార్లు వెనక్కి వచ్చే శక్తికి ఈ రెండోది కొలత.

```
ఇచ్చినది :  E × I*          = 9310.4 + j6771.2

మోటారు  :  46² × (4 + j3)     = 8464.0 + j6348.0
తీగ      :  46² × (0.4 + j0.2) =  846.4 +  j423.2
                      మొత్తం  = 9310.4 + j6771.2
```

దశాంశాలతో సహా సరిపోయింది. వాట్లు వాట్లతో, వార్లు వార్లతో విడివిడిగా కలిశాయి. వోల్ట్-ఆంపియర్లను కలిపి చూస్తే మోటారువి 10,580, తీగవి 946, మొత్తం 11,526 వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చింది 11,512. తేడా 14 మాత్రమే. ఇక్కడే మోసపోయే వీలు ఎక్కువ. మోటారు, తీగ రెండూ కరెంటును వెనక్కి లాగే రకమే, కోణాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, అందుకే తేడా కనిపించలేదు. ఇలాంటి ఉదాహరణ ఒక్కటే చేసి ఊరుకున్న విద్యార్థికి వోల్ట్-ఆంపియర్లు కూడా కలుస్తాయనే భ్రమ మిగిలిపోతుంది.

కెపాసిటర్ పెట్టగానే ఆ భ్రమ తొలగిపోతుంది. మిల్లు వోల్టేజి 230గానే ఉంచి, 10 ఓమ్‌ల రియాక్టెన్స్ ఉన్న కెపాసిటర్‌ను మోటారుకు సమాంతరంగా కలుపుదాం. మోటారు కరెంటు మారదు, 46 ఆంపియర్లే. కెపాసిటర్ కరెంటు 23 ఆంపియర్లు, వోల్టేజి కంటే 90 డిగ్రీలు ముందుంటుంది. తీగలో పారేది ఈ రెండింటి ఫేజర్ మొత్తం.

```
I  = (36.8 − j27.6) + j23 = 36.8 − j4.6 A     |I|² = 1375.4   |I| = 37.09 A
E  = 230 + I (0.4 + j0.2) = 245.64 + j5.52 V   |E| = 245.70 V

ఇచ్చినది   :  E × I*                 = 9014.16 + j1333.08

మోటారు    :  46² × (4 + j3)         = 8464.00 + j6348.00
కెపాసిటర్ :  23² × (−j10)           =    0    − j5290.00
తీగ        :  1375.4 × (0.4 + j0.2)  =  550.16 +  j275.08
                             మొత్తం  = 9014.16 + j1333.08
```

46కు 23 కలిస్తే 37 ఎలా అయిందని అడిగితే, కరెంటులు బాణాల్లా కలుస్తాయి కాబట్టి. మోటారు కరెంటులో కిందికి దిగే 27.6లో 23ను కెపాసిటర్ కరెంటు పైకి ఎత్తేసింది. దానికి తగ్గట్టే వార్ల లెక్కలో కెపాసిటర్ ముందు మైనస్ గుర్తు వచ్చింది. వార్లను "తీసుకున్నవి"గా రాసేటప్పుడు మైనస్ 5,290 తీసుకుందంటే 5,290 ఇచ్చిందని అర్థం. మోటారుకు కావలసిన 6,348 వార్లలో ఎక్కువ భాగం పక్కనే ఉన్న పెట్టె నుంచి అందుతోంది. తీగ తీసుకునేవి కలుపుకున్నా ట్రాన్స్‌ఫార్మర్ ఇవ్వవలసినవి 1,333 మాత్రమే. తీగలో వేడిగా పోయేది 846 వాట్ల నుంచి 550కి తగ్గింది.

మొదట్లో చెప్పిన 16,485కూ 9,112కూ మధ్య చిక్కు ఇప్పుడు విడిపోతుంది. వోల్ట్-ఆంపియర్ అంటే కాంప్లెక్స్ పవర్ పొడవు. గుర్తు పోగొట్టుకున్న పొడవులను కలిపితే, మోటారు తీసుకున్న వార్లు, కెపాసిటర్ ఇచ్చిన వార్లు ఒకదాన్నొకటి కొట్టేసుకోకుండా రెండూ ఖర్చుగానే లెక్కకెక్కుతాయి. బాణాలను కలిపి, ఆ తర్వాత పొడవు చూడాలి. పొడవులు చూసి, ఆ తర్వాత కలపకూడదు.

వాట్లు ఎందుకు సరిపోతాయో చెప్పడానికి శక్తి నిత్యత్వ నియమం చాలు. వార్ల సంగతి వేరు. వార్లు ఖర్చయ్యే శక్తి కావు. వెళ్లి వచ్చే శక్తికి ఒక కొలత సరిపోవాలని ఆ నియమం నేరుగా ఎక్కడా చెప్పదు. వార్లు సరిపోవడానికి కారణం కిర్కాఫ్ నియమాల్లో ఉంది. ఒక కూడలికి వచ్చిన కరెంటు అక్కడి నుంచి పోవాలి. ప్రతి వస్తువు మీది వోల్టేజీ దాని రెండు కొసల పొటెన్షియళ్ల తేడా అయి ఉండాలి. అంతే.

మన మిల్లులో మూడు కూడళ్లున్నాయి: ట్రాన్స్‌ఫార్మర్ కొస, మిల్లు కొస, న్యూట్రల్. ఒక్కో వస్తువు పవర్‌ను "ఈ కొస పొటెన్షియల్ ఇంటూ కరెంటు సంయుగ్మం, మైనస్ ఆ కొస పొటెన్షియల్ ఇంటూ కరెంటు సంయుగ్మం" అని విడదీసి రాయండి. అన్ని వస్తువులకూ రాసి, ఒక్కో పొటెన్షియల్‌ను పక్కకు తీసి పోగు చేస్తే, మిల్లు కొస పొటెన్షియల్ పక్కన బ్రాకెట్లో మిగిలేది ఆ కూడలి దగ్గరి కరెంటుల సంయుగ్మాల మొత్తం. తీగ తెచ్చింది, మోటారు తీసుకుంది, కెపాసిటర్ తీసుకుంది కలిసి సున్నా. కరెంటుల మొత్తం సున్నా అయితే వాటి సంయుగ్మాల మొత్తం కూడా సున్నాయే. మిగతా రెండు కూడళ్లలోనూ అంతే. కాబట్టి నెట్‌వర్క్‌లో అన్ని కాంప్లెక్స్ పవర్‌ల మొత్తం సున్నా. వాట్లు, వార్లు ఒకే దెబ్బకు సరిపోయాయి. ఈ విషయాన్ని సాధారణ రూపంలో డచ్ ఇంజినీరు బెర్నార్డ్ టెలెగెన్ 1952లో ప్రచురించాడు. సర్క్యూట్ పుస్తకాల్లో టెలెగెన్ సిద్ధాంతం పేరుతో ఉండేది అదే.

ఆ రుజువులో ఏమి ఉందో చూశాం. అందులో ఏమి లేదో కూడా గమనించాలి. మోటారు 4 ఓమ్‌లదా 40 ఓమ్‌లదా అని ఎక్కడా అడగలేదు. ఓమ్ నియమం ఊసే రాలేదు. కూడళ్లు, తీగలు ఎలా కలిశాయో అన్నంత వరకే రుజువు వెళ్లింది. లెక్క సరిపోవడం అన్న పరీక్షకు ఉన్న బలమూ ఇదే, బలహీనతా ఇదే.

ఈ బలహీనత ఎంత దూరం వెళుతుందంటే, సంయుగ్మం తీసుకోవడం మరిచిపోయినా లెక్క సరిపోతుంది. కెపాసిటర్ లేని మొదటి సందర్భాన్నే గుర్తు తిప్పకుండా గుణించి చూడండి.

```
E × I        = 9107.26 − j7042.05      (ఇచ్చినది)

230 × I      = 8464.00 − j6348.00      (మోటారు)
(E − 230) × I =  643.26 −  j694.05      (తీగ)
      మొత్తం  = 9107.26 − j7042.05
```

ఒక్క దశాంశం కూడా తేడా రాలేదు. కరెంటుల మొత్తం సున్నా కావడమే ఆ రుజువుకు కావలసింది కాబట్టి, సంయుగ్మం ఉన్నా లేకపోయినా అది పనిచేస్తుంది. కానీ తీగ నష్టం 643 వాట్లని వచ్చింది. 46 ఆంపియర్లు, 0.4 ఓమ్‌లు అంటే నిజమైన నష్టం 846. మోటారు విలువలో వాట్లు సరిగ్గానే వచ్చాయి, అదీ మనం మిల్లు వోల్టేజి కోణాన్ని సున్నాగా ఎంచుకోవడం వల్లే. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి కోణాన్ని సున్నా చేసుకుని ఇదే తప్పు లెక్క మళ్లీ చేస్తే అన్ని సంఖ్యలూ మారిపోతాయి, అప్పుడూ మొత్తం సరిపోతుంది. నిజమైన పవర్ మనం ఎంచుకున్న రిఫరెన్స్ కోణాన్ని బట్టి మారదు. అందువల్ల అనుమానం వచ్చినప్పుడు రిఫరెన్స్ మార్చి ఒకసారి చేసి చూడటం మంచి పరీక్ష. జవాబులు కదిలాయంటే సంయుగ్మం ఎక్కడో జారిపోయిందన్నమాట.

ఆర్‌ఎంఎస్‌కు బదులు శిఖర విలువలు వాడి, సగం చేయడం మరిచిపోయినా అంతే. ప్రతి సంఖ్యా రెట్టింపవుతుంది, రెండు వైపులా రెట్టింపవుతుంది, లెక్క సరిపోతూనే ఉంటుంది.

ఇంకో తప్పు దీనికంటే మామూలుగా జరుగుతుంది. తీగ నిరోధం నిజానికి 0.4 ఓమ్‌లు అయితే, పట్టిక చూసేటప్పుడు పొరపాటున 0.5 రాసుకున్నామనుకోండి. ఆ విలువతో తీగ నష్టం 1,058 వాట్లు, ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చింది 9,522 వాట్లు అని వస్తుంది. 8,464కు 1,058 కలిపితే సరిగ్గా 9,522. కాగితం మీద ఉన్నది మన మిల్లు కాదు, ఇంకేదో మిల్లు. కానీ ఆ ఇంకేదో మిల్లు కూడా కిర్కాఫ్ నియమాలను పాటిస్తుంది కదా. దత్తాంశం తప్పయితే ఈ పరీక్ష పట్టుకోలేదు. దాన్ని తీగ దగ్గరికి వెళ్లి కొలిచి పట్టుకోవాలి.

మరి ఈ పరీక్ష పట్టుకునేది ఏమిటి? దాన్ని చేసే పద్ధతిని బట్టి ఉంటుంది. పైన సంయుగ్మంతో చేసిన రెండు పట్టికల్లోనూ ఇచ్చినదాన్ని వోల్టేజి, కరెంటుల నుంచి లెక్కించి, తీసుకున్నదాన్ని కరెంటు వర్గం ఇంటూ ఓమ్‌లు అన్న వేరే దారిలో లెక్కించడం యాదృచ్ఛికం కాదు. తీగ పవర్‌ను కూడా రెండు కొసల వోల్టేజిల తేడా ఇంటూ కరెంటు అని రాస్తే, ఇచ్చినది మైనస్ మోటారుది అన్న మాటనే తిప్పి రాసినట్టవుతుంది. అది సరిపోక ఏం చేస్తుంది? తన నీడతో తన ఎత్తు పోల్చుకున్నట్టు ఉంటుంది. రెండు దారులూ వేరువేరుగా నడిచి ఒకే చోటికి చేరినప్పుడే, మధ్యలో చేసిన భాగహారాలు, గుణకారాలు, ఫేజర్ కూడికలు నిజంగా సరిచూసినట్టు.

అలా వేరు దారుల్లో చేసినప్పుడు ఇంకో లాభం కూడా ఉంది. లెక్క సరిపోకపోతే, సరిపోని మొత్తం తప్పు ఎక్కడుందో చాలావరకు చెప్పేస్తుంది. దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ. తేడా రాగానే లెక్కంతా కొట్టేసి మొదటి నుంచి చేస్తారు. తేడానే కాస్త చూస్తే ఆ శ్రమ మిగులుతుంది.

కెపాసిటర్ పెట్టిన తర్వాత తీగ కరెంటు 37.09కి తగ్గిందన్న సంగతి మరిచిపోయి, తీగ నష్టాన్ని పాత 46 ఆంపియర్లతోనే రాశామనుకోండి. తీసుకున్నది 9310.4 వాట్లు, 1481.2 వార్లు అవుతుంది. ఇచ్చినదానితో తేడా 296.24 వాట్లు, 148.12 వార్లు. మొదటిది రెండోదానికి సరిగ్గా రెండింతలు. ఈ నెట్‌వర్క్‌లో నిరోధం రియాక్టెన్స్‌కు రెండింతలు ఉన్న వస్తువు ఒక్కటే, తీగ. మోటారు తప్పయితే నిష్పత్తి నాలుగుకు మూడుగా వచ్చేది. ఒక వస్తువు కరెంటు తప్పుగా పడితే, ఆ తప్పు ఆ వస్తువు కోణంలోనే బయటపడుతుంది.

వాట్లు సరిపోయి వార్లు మాత్రమే సరిపోకపోతే నిరోధం లేని వస్తువు వైపు చూడాలి, ఇక్కడ అది కెపాసిటర్. తేడా 10,580 వార్లు అని వస్తే, అందులో సగం 5,290, కెపాసిటర్ విలువ. అంటే మైనస్ పెట్టవలసిన చోట ప్లస్ పెట్టామన్నమాట. గుర్తు తప్పు ఎప్పుడూ రెండింతల తేడాగానే కనిపిస్తుంది.

తేడా 1,163 వార్లు అని వస్తే? ఇది కాగితం దగ్గర కాకుండా మిల్లు దగ్గర జరిగే తప్పు. కెపాసిటర్ పెట్టెల మీద రాసిన కెవిఎఆర్, అంటే కిలోవార్ల విలువ ఆ పెట్టెకు నిర్ణయించిన వోల్టేజి దగ్గర ఇచ్చేది. 440 వోల్టులకు చేసిన పెట్టె అయితే ఫేజుకు 254 వోల్టులన్నమాట. 10 ఓమ్‌ల కెపాసిటర్ ఆ వోల్టేజి దగ్గర 6,453 వార్లు ఇస్తుంది. మన మిల్లులో ఉన్నది 230 వోల్టులు. వార్లు వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతాయి కాబట్టి నిజంగా అందేది 5,290. బిళ్ల మీది అంకెను అలాగే లెక్కలోకి దించితే 1,163 వార్లు ఎక్కడి నుంచో ఊడిపడినట్టు కనిపిస్తాయి. వోల్టేజి బాగా పడిపోయే వేసవి సాయంత్రాల్లో ఇది ఇంకా పెరుగుతుంది. ఫేజుకు 200 వోల్టులే అందితే అదే కెపాసిటర్ 4,000 వార్లే ఇస్తుంది. మోటారుకు సాయం ఎక్కువ కావలసిన సమయంలోనే దాని సాయం తగ్గిపోతుంది.

దశాంశాలు కుదించడం వల్ల వచ్చే చిన్న తేడాలను వీటితో కలిపి చూడకూడదు. నాలుగు అంకెల వరకు ఉంచి చేస్తే, 9 వేల వాట్ల లెక్కలో కొన్ని వాట్ల తేడాకు భయపడనక్కరలేదు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త కావాలి. 250, 230 లాంటి దగ్గరదగ్గర సంఖ్యలను తీసివేసి తీగ నష్టం తెలుసుకోవాలంటే, అర వోల్టు కుదింపు కూడా 46 ఆంపియర్ల దగ్గర 23 వోల్ట్-ఆంపియర్ల తప్పుగా మారుతుంది. 9 వేలలో అది ఏమీ కాదు, 846లో మాత్రం దాదాపు 3 శాతం.

కాగితం వదిలి మీటర్ల దగ్గరికి వెళితే ఈ ఇబ్బంది బాగా పెద్దదవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక మీటరు, మిల్లు దగ్గర ఒక మీటరు పెట్టి, రెండింటి తేడా తీగ నష్టమని చెబుదామనుకుంటాం. ఒక్కో మీటరుకు 1 శాతం తప్పు ఉండవచ్చనుకుంటే 9,310లో 93 వాట్లు, 8,464లో 85 వాట్లు. రెండు తప్పులూ ఎదురెదురు దిక్కుల్లో పడితే 846 వాట్ల నష్టం మీద 178 వాట్ల అనిశ్చితి, అంటే 21 శాతం. మీటర్లు రెండూ నియమాల ప్రకారం మంచివే. అయినా వాటితో తీగ నష్టాన్ని అయిదో వంతు తేడాతోనే చెప్పగలం. తేడా వచ్చిందని వెంటనే ఎవరో కొక్కెం వేశారని నిందించే ముందు ఈ లెక్క చేసుకోవడం న్యాయం. తీగ కరెంటు కొలిచి, వర్గం చేసి, నిరోధంతో గుణించడం ఇక్కడ చాలా నమ్మదగ్గ దారి. కరెంటు కొలతలో 1 శాతం తప్పుంటే నష్టంలో వచ్చే తప్పు 2 శాతం మాత్రమే.

ఇప్పటివరకు చేసిందంతా ఒక షరతు మీద నిలబడింది: నెట్‌వర్క్‌లో ఒకే ఫ్రీక్వెన్సీ ఉండాలి. ఫేజర్ అన్న మాటకే ఆ షరతు లేకపోతే అర్థం లేదు. మోటారుకు వేగం మార్చే డ్రైవ్ పెట్టిన మిల్లుల్లో ఇది కదులుతుంది. ఆ డ్రైవ్ లోపలి రెక్టిఫయర్ 50 హెర్ట్జ్ కరెంటుతో పాటు 250, 350 హెర్ట్జ్ కరెంటులను కూడా పుట్టిస్తుంది. కిర్కాఫ్ నియమాలు ఒక్కో ఫ్రీక్వెన్సీకి విడిగా వర్తిస్తాయి కాబట్టి, ఒక్కో ఫ్రీక్వెన్సీకి విడిగా చేస్తే లెక్క సరిపోతుంది. అక్కడ ఒక వింత కనిపిస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర వాట్లు తీసుకునే ఆ డ్రైవే 250 హెర్ట్జ్ దగ్గర కొద్దిపాటి వాట్లు తీగలోకి వెనక్కి పంపుతుంది. అవి తీగలో వేడిగా పోతాయి. మామూలు క్లాంప్ మీటరుతో మొత్తం ఆర్‌ఎంఎస్ కరెంటు చదివి, 50 హెర్ట్జ్ ఫేజర్ల లెక్కలో వేస్తే సరిపోకపోవడానికి కారణం ఇదే.

ఈ షరతు పెద్ద ఎత్తున ఎలా ఉంటుందో కొరాపుట్ జిల్లా జయపురంలో చూడవచ్చు. జయపురం సబ్‌స్టేషన్ నుంచి 400 కిలోవోల్టుల లైన్లు కనుమలు దిగి విశాఖ దగ్గరి గాజువాక వరకు వస్తాయి. గాజువాకలో అవి నేరుగా దక్షిణ గ్రిడ్‌లో కలవవు. మధ్యలో ఒక హెచ్‌విడిసి, అంటే హై వోల్టేజి డైరెక్ట్ కరెంట్ స్టేషన్ ఉంది. అక్కడ ఏసీని డీసీగా మార్చి, అదే ఆవరణలో మళ్లీ ఏసీగా మారుస్తారు. తూర్పు గ్రిడ్, దక్షిణ గ్రిడ్ అప్పట్లో వేర్వేరు ఫ్రీక్వెన్సీల మీద నడిచేవి కాబట్టి ఆ ఏర్పాటు అవసరమైంది. 2013 డిసెంబరు 31న రాయచూరు, సోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలోకి వచ్చింది.

ఆ స్టేషన్ చుట్టూ గీత గీసి పవర్ లెక్క చేస్తే వాట్లు సరిపోతాయి. జయపురం వైపు నుంచి వచ్చినవే, కొద్దిపాటి నష్టం పోను, దక్షిణం వైపు వెళతాయి. వార్లు మాత్రం దాటవు. డీసీ తీగలో కోణం లేదు, వెళ్లి వచ్చే శక్తి లేదు. పైగా థైరిస్టర్లు అనే స్విచ్‌లతో నడిచే కన్వర్టర్ కరెంటును తీసుకునే వైపూ, ఇచ్చే వైపూ, రెండు వైపులా వార్లను తీసుకుంటుంది. అందుకే అలాంటి స్టేషన్లలో రెండు వైపులా పెద్ద పెద్ద కెపాసిటర్లు, ఫిల్టర్లు ఉంటాయి. మిల్లు గోడ మీది పెట్టె చేసే పనే అవీ చేస్తాయి. రెండు వైపులా ఇప్పుడు ఫ్రీక్వెన్సీ ఒకటే అయినా ఈ స్టేషన్ దగ్గర లెక్క మారలేదు. జయపురం వైపు నెట్‌వర్క్‌కు ఒక పట్టిక రాసి, కన్వర్టర్‌ను అక్కడ వాట్లూ వార్లూ తీసుకునే వస్తువుగా చూపాలి. దక్షిణం వైపు ఇంకో పట్టిక రాసి, అదే కన్వర్టర్‌ను వాట్లు ఇచ్చి వార్లు తీసుకునే వస్తువుగా చూపాలి. రెండు పట్టికల్లోనూ వాట్లు, వార్లు విడివిడిగా సరిపోతాయి. రెండు పట్టికలనూ కలిపేది వాట్ల వరుస ఒక్కటే.